చెవి, కివి, కెవ్: మెజారిటీ కాదు, పరిసరం చూడాలి

ప్రశ్న: "తమిళం, తెలుగు, కన్నడ మాటల్ని పక్కపక్కన పెట్టి మూల ద్రావిడ రూపం కట్టాలని చూస్తున్నాను. మన చెవి తమిళంలోనూ చెవే, కన్నడంలో కివి. కానీ మన చెడు తమిళంలో కెటు, కన్నడంలో కెడు. ఒకచోట తమిళం మనతో కలుస్తుంది, ఇంకోచోట కన్నడంతో. కెంపు, క్రింద లాంటివైతే ఏ లెక్కకీ రావడం లేదు. ఎక్కువ భాషల్లో ఏముంటే అదే మూలం అనుకోవాలా? లెక్కకు రానివి వదిలేయాలా?"

రెండూ వద్దు. మీరు చెప్పిన మాటలన్నిటికీ మూలంలో ∗క్ ఉంది. చెవికి మూలరూపం ∗కెవ్-ఇ, చెడుకి ∗కెటు. (రాతలో దొరకని, మనం కట్టుకున్న రూపానికి ముందు ∗ గుర్తు పెడతాం.) తమిళం, తెలుగు ఈ ∗క్‌ని వేర్వేరు షరతుల మీద చ్‌గా మార్చాయి. కన్నడం మార్చలేదు. కెంపు, క్రింద ఈ నియమాన్ని దెబ్బతీసేవి కావు. ఒకటి ఎరువు మాట, అంటే పక్కభాష నుంచి తెచ్చుకున్నది. రెండోదాంట్లో ఇంకో మార్పు ముందే జరిగిపోయింది. ఇది ఊహ కాదని చూపించే దారి కింద రాస్తున్నాను.

మొదట మీ పట్టికలో ఒక సవరణ చేయండి. వరుసకు ఒక మాట చొప్పున కాదు, వరుసకు ఒక ధ్వని చొప్పున రాయాలి. 'చెవి' అనేది ఒక వరుస కాదు, దానిలోని మొదటి హల్లు ఒక వరుస, అచ్చు ఇంకొకటి, మధ్య హల్లు మరొకటి. ప్రతి వరుస పక్కన ఆ ధ్వనికి వెంటనే వచ్చే అచ్చు, దాని తర్వాతి హల్లు రాసుకోవాలి. చిక్కు విడిపోయేది చాలాసార్లు ఆ రెండు గడుల్లోనే.

ఇక మొదటి హల్లు సంగతి. తమిళ రాతలో క, గ తేడా లేదు కాబట్టి అక్షరాన్ని బట్టి రాస్తున్నాను. తమిళ 'ழ'కి ఴ వాడుతున్నాను.

| తమిళం | తెలుగు | కన్నడం | అర్థం |
|---|---|---|---|
| చెవి | చెవి | కివి | చెవి |
| చెరుప్పు | చెప్పు | కెర, కెరవు | పాదరక్ష |
| చిఱు | చిఱు | కిఱు | చిన్న |
| చెమ్- | చెం- (చెంగలువ) | కెం- | ఎర్ర |
| కెటు | చెడు | కెడు | పాడవు |
| కేటు | చేటు | కేడు | హాని |
| కిళి | చిలుక | గిళి | చిలుక |
| కణ్ | కన్ను | కణ్ | కన్ను |
| కాల్ | కాలు | కాల్ | కాలు |
| చేర్ | చేరు | సేరు | కలియు |
| చిక్కు | చిక్కు | సిక్కు | ముడి, చిక్కు |

ఇందులో నాలుగు పొంతనలున్నాయి. తమిళం, తెలుగు, కన్నడం అనే క్రమంలో చ-చ-క, క-చ-క, క-క-క, చ-చ-స. నాలుగు పొంతనలు కనబడగానే మూలంలో నాలుగు హల్లులున్నాయని రాసేయడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు. మీరన్నట్టు ఓట్లు లెక్కించడం రెండోది. ఓట్లు లెక్కిస్తే చెవికి ∗చ్, చెడుకి ∗క్ వస్తాయి, అది నిలవదు. ఎందుకు నిలవదో కాసేపట్లో చెబుతాను.

పొంతన ఒక్కొక్కటీ ఏ పరిసరంలో వస్తోందో చూడండి. క-క-క వచ్చిన చోట తర్వాతి అచ్చు అ, ఆ. కోడి (తమిళం కోఴి, కన్నడం కోళి) లాంటివి కలిపితే ఒ, ఓ కూడా. ఇ, ఈ, ఎ, ఏ ముందు ఈ పొంతన లేదు. ఆ అచ్చుల ముందు వచ్చేవి చ-చ-క, క-చ-క. ఈ రెండూ ఒకదాని చోట ఇంకొకటి రావు. కెటు, కేటు, కిళి మాటల్లో అచ్చు తర్వాత ట, ళ ఉన్నాయి, అంటే నాలుక మడిచి పలికే మూర్ధన్యాలు. చెవి, చెరుప్పు, చిఱు, చెమ్- మాటల్లో వ, ర, ఱ, మ ఉన్నాయి, మూర్ధన్యం లేదు. కాబట్టి ఈ మూడు పొంతనలూ ఒకదాని ఇలాకాలోకి ఒకటి అడుగుపెట్టకుండా చోటు పంచుకున్నాయి. అలా పంచుకుంటే అవి మూలంలో ఒకే ధ్వని అని తీసుకోవాలి. నియమాలు ఇలా వస్తాయి:

తెలుగులో ∗క్ ఇ, ఈ, ఎ, ఏ ముందు చ్ అయింది. తర్వాత ఏ హల్లున్నా సరే.

తమిళంలో అదే అచ్చుల ముందు చ్ అయింది, కానీ ఆ అచ్చు తర్వాత మూర్ధన్యం ఉంటే కాలేదు.

కన్నడంలో మారలేదు.

మరి నాలుగోది, చ-చ-స? దీన్ని మిగతా మూడింటితో కలపలేం. ఇది కూడా ఏ ముందు, ఇ ముందు వస్తోంది, మూర్ధన్యం లేని చోటే వస్తోంది. అంటే చ-చ-క ఉన్న చోటే ఇదీ ఉంది. తేటగా చూడాలంటే తమిళంలో చేర్ (కలియు), చేరి (పేట, వీధి) పక్కన కన్నడ మాటలు పెట్టండి: సేరు, కేరి. తమిళంలో రెండూ చే-తో మొదలవుతాయి, కన్నడంలో వేరు. ఒకే పరిసరంలో రెండు వేర్వేరు పొంతనలు ఉంటే మూలంలో రెండు వేర్వేరు ధ్వనులు ఉన్నట్టే. ఒకటి ∗క్, రెండోది ∗చ్. తమిళ, తెలుగులు ఆ తేడాను ఈ అచ్చుల ముందు పోగొట్టుకున్నాయి, కన్నడం నిలుపుకుంది. మూలరూపం కట్టడంలో తేడాను నిలుపుకున్న భాష మాటకే విలువ. అది ఒక్కటే అయినా, మిగతావి ఎన్ని ఉన్నా. ఎందుకంటే ఒకటైపోయిన రెండు ధ్వనుల్ని ఒక భాష తిరిగి సరైన మాటల్లో సరిగ్గా విడదీయలేదు. కేరి, కివి, కెరలో క్ అని, సేరు, సిక్కులో స్ అని కన్నడం ఎలా ఎంచుకుంటుంది?

దీనికి తోడు ఇంకో రెండు ఆధారాలున్నాయి. ఒకటి, మార్పు దిక్కు. ఇ, ఎ ముందు క్ తాలవ్యమై చ్ కావడం లోకంలో చాలా భాషల్లో జరిగింది, నాలుక ముందుకు జరగడమే కారణం. అవే అచ్చుల ముందు చ్ వెనక్కి వెళ్లి క్ కావడానికి అలాంటి కారణం లేదు. రెండు, దూరపు చుట్టాలు. నీలగిరుల్లోని కోత భాషలో చెవి కెవ్, ఆదిలాబాదు వైపు మాట్లాడే కొలామీలోనూ కెవ్. కోత భాష తమిళానికి చాలా దగ్గరి బంధువు, అయినా క్ ఉంది. కాబట్టి తమిళంలో మార్పు కోత విడిపోయాక వచ్చింది. తెలుగు ఇంకో శాఖది, షరతు కూడా వేరు. రెండు భాషల్లో 'చె' కనబడినా అవి ఒకే పూర్వికుడి నుంచి వచ్చిన చ కాదు, విడివిడిగా జరిగిన రెండు మార్పులు. ఓట్ల లెక్క నిలవదని అందుకే అన్నాను.

హల్లు తేలాక అచ్చు. చెవి, చెవి, కివి, కెవ్. మూడు చోట్ల ఎ, కన్నడంలో ఇ. ఇక్కడా లెక్క కాదు, పరిసరమే చూడాలి. కన్నడంలో రెండో అక్షరంలో ఇ, ఉ ఉంటే మొదటి ఎ పైకి లేచి ఇ అవుతుంది. తమిళం ఎలి, తెలుగు ఎలుక, కన్నడం ఇలి చూడండి. కెడు పక్కన పాత కన్నడంలో కిడు కూడా ఉంది. కాబట్టి కివిలోని ఇ కొత్తది, మూలంలో ∗ఎ. అదే చిఱు/కిఱులో రెండు వైపులా ఇ ఉంది, కాబట్టి అక్కడ ∗ఇ ఉంచాలి. మధ్య వ్‌లో గొడవ లేదు. చివరి ఇ తమిళ, తెలుగు, కన్నడాల్లో ఉంది, కోత, కొలామీల్లో లేదు. అందుకే మధ్యలో గీత పెట్టి ∗కెవ్-ఇ అని రాయడం. ధాతువు ∗కెవ్ వరకు గట్టిది, గీత తర్వాతిది అంత గట్టిది కాదని చదివేవాళ్లకు తెలుస్తుంది.

ఇప్పుడు మీరు అసలు అడిగినది, లెక్కకు రానివి. వాటిని వదిలేయకండి, విడి కాగితం మీద అన్నీ ఒకచోట చేర్చండి. ఒక్కొక్కటిగా చూస్తే ప్రతిదానికీ ఒక కథ అల్లేయొచ్చు. ఒకచోట పెడితే వాటిలో వాటికి పోలిక బయటపడుతుంది. తెలుగు నియమానికి ఎదురు నిలిచేవి రాస్తే ఇలా ఉంటాయి: కెంపు, గేరి, క్రింద, గీరు, గిల్లు, గెలుచు, కిలకిల, కిచకిచ, కిటికీ, కేశం, కేలు. ఇటువైపు చేయి కూడా చేర్చండి, ఎందుకంటే దానికి తమిళంలో కై అని ఉంది, మూర్ధన్యం లేకుండానే క-చ-క వచ్చింది.

కిటికీ, కేశం తేలిగ్గా పోతాయి. ఒకటి ఉత్తరాది నుంచి, ఇంకొకటి సంస్కృతం నుంచి వచ్చింది. కానీ అవి ఊరికే పోవు, ఒక విషయం చెప్పి పోతాయి. సంస్కృతపు కే- తెలుగులో చే- కాలేదంటే, ఆ మాటలు వచ్చేసరికే మన తాలవ్యీకరణం ఆగిపోయిందన్నమాట. కిలకిల, కిచకిచ లాంటి ధ్వన్యనుకరణాలను మొదటి నుంచే పట్టికలోకి రానివ్వకూడదు. చెవికి వినబడినట్టు జనం వాటిని మళ్లీ మళ్లీ కొత్తగా పుట్టిస్తుంటారు, వాటికి తరాల వారసత్వం ఉండదు.

కెంపు ఎరువు మాట. "నియమానికి లొంగలేదు కాబట్టి ఎరువు" అని మాత్రం ఎప్పుడూ రాయకండి, అది చక్రం తిరగడం. విడిగా సాక్ష్యం కావాలి. కెంపుకి ఉంది. అదే ధాతువు మనకు సొంతంగా చెం- రూపంలో ఉంది, చెంగలువలో చూస్తున్నాం. ఒకే ధాతువుకు ఒకే భాషలో రెండు రూపాలుండి, ఒకటి నియమం ప్రకారం, ఇంకొకటి పక్కభాష రూపంతో అచ్చంగా సరిపోతే (కన్నడంలో కెంపు అంటే ఎరుపు), రెండోది ఆ భాష నుంచి వచ్చిందనవచ్చు. అర్థం కూడా సాయపడుతుంది. మన వాడుకలో కెంపు ముఖ్యంగా రత్నం పేరు, సరుకుల పేర్లు చేతులు మారడం సహజం. గేరికి సాక్ష్యం భూగోళం. వీధి అనే అర్థంలో అది కన్నడ సరిహద్దు సీమలో వినబడుతుంది. మొదటి గ కూడా కన్నడంలో సమాసం రెండో మాటగా -గేరి అయ్యే తీరును గుర్తు చేస్తుంది.

క్రింద ఇంతకంటే ఆసక్తికరమైనది. తమిళం కీఴ్. మీరు దీన్ని నేటి 'కింద' రూపంతో పట్టికలో వేస్తే క్ పక్కనే ఇ కనబడి, నియమం తప్పిందనిపిస్తుంది. దొరికినంతలో పాత రూపమే వేయాలి. పాత రూపం క్రింద, అందులో క్ పక్కన ఇ లేదు, ర్ ఉంది. తెలుగులో ధాతువులోని ర్, ఴ్ లాంటి హల్లు అచ్చును దాటి ముందుకు దూకే మార్పు ఒకటుంది, దాన్ని వర్ణవ్యత్యయం అంటాం. తమిళం మరమ్, తెలుగు మ్రాను. తమిళం కొఴుప్పు, తెలుగు క్రొవ్వు. ఆ దారిలోనే ∗కిఴ్-న్త్- క్రింద అయింది. ర్ మధ్యలో దూరాక క్ ఇక ఇ ముందు లేదు, కాబట్టి చ్ కాలేదు. అంటే తెలుగులో వర్ణవ్యత్యయం ముందు, తాలవ్యీకరణం తర్వాత. క్రమం తిరగేస్తే చి- రూపం నుంచి బయల్దేరాలి, క్రింద రాదు.

ఇక్కడ ఒకరు అడ్డు చెప్పొచ్చు: "తమిళంలో లాగా ఴ్ అనే మూర్ధన్యమే ఆపి ఉండకూడదా?" కూడదు. తెలుగులో చెడు, చేటు, చిలుకల్లో మూర్ధన్యం ఆపలేదు. ఒక భాష షరతును ఇంకో భాషకు అతికించే ముందు ఆ భాషలోని మిగతా మాటలు ఒప్పుకుంటాయా అని చూడాలి.

చేయిదీ క్రమం సంగతే. మూలం ∗కయ్. తమిళంలో అ ముందు క్ ఉంది కాబట్టి కై మారలేదు, మూర్ధన్యంతో పని లేదు. తెలుగులో ముందు అయ్ అనేది ఎ/ఏ అయింది, తర్వాత ఆ ఏ ముందు క్ చ్ అయింది. ఈ మొదటి మెట్టు మనం చేయి కోసం కల్పించింది కాకూడదు, వేరే మాటల్లో కనబడాలి. కనబడుతోంది: తమిళం ఐమ్పతు, పాత తెలుగు ఏఁబది, తమిళం ఐన్నూఱు, తెలుగు ఏనూఱు. సొంత అవసరానికి పుట్టించిన నియమానికీ, నిజమైన నియమానికీ తేడా ఇదే, నిజమైనది ఇంకో చోట కూడా పనిచేయాలి.

చేయి గురించి ఇంకో మాట. చేసేది చేత్తోనే కదా అని చేయి, చేయు ఒకే ధాతువనుకునేవాళ్లు చాలామంది. తమిళంలో చేయి కై, చేయు చెయ్. పై నియమాలతో వెనక్కి వెళితే ఒకటి ∗కయ్, ఇంకొకటి ∗కెయ్. అవి తెలుగులో ఒకటైనట్టు కనబడడానికి కారణం మన రెండు మార్పులే. ఒకే భాష లోపల చూసి ధాతువులు కలిపేస్తే ఇలాంటి పొరపాటే జరుగుతుంది.

మిగిలినవి గీరు, గిల్లు, గెలుచు. వీటిని పక్కపక్కన పెట్టగానే పోలిక కనబడుతోంది, మూడూ గ్‌తో మొదలవుతాయి. కాబట్టి నియమానికి ఒక సవరణ ప్రతిపాదించవచ్చు: తెలుగులో మారింది క్ మాత్రమే, అప్పటికే గ్ అయిపోయిన మాటలు తప్పించుకున్నాయి. చిలుక దీనితో సరిపోతుంది. కన్నడంలో గిళి అయినా తెలుగులో గ్ కాలేదు, అందుకే చి- వచ్చింది. దీన్ని పరీక్షించే దారి కూడా రాసి పెట్టుకోండి. తక్కిన భాషల్లో కి-, గి- ఉండి తెలుగులో జి-, జె- వచ్చిన దేశ్యపదం దొరికితే ఈ సవరణ వీగిపోతుంది. ఇంకో జాగ్రత్త, గీరు తమిళంలో కూడా కీఱు అనే ఉంది, చిఱు లాగా చీఱు కాలేదు. తెలుగు వైపు వివరణ తమిళ రూపాన్ని వివరించదు. గీరడం, గిల్లడం లాంటి అర్థాల మాటల్లో అనుకరణ పాలు ఉండే వీలుంది కాబట్టి కొత్త నియమానికి గీరుని మూలస్తంభంగా పెట్టవద్దు.

కేలు (చేయి అనే అర్థంలో, కావ్యాల్లోది) పైన చెప్పిన ఏ కారణానికీ అందదు. అందలేదని దాని కోసం మూలంలో మూడో రకం క్ పుట్టించకూడదు. ఒక్క మాట కోసం పుట్టిన ధ్వని ఆ ఒక్క మాటనే వివరిస్తుంది. విడిగా కనీసం మూడు నాలుగు మాటల్లో, ఒకే పరిసరంలో అదే పొంతన తిరిగి కనబడేవరకు కేలు ఆ కాగితం మీదే ఉండాలి, 'తేలలేదు' అనే గుర్తుతో.

చివరగా, ఇంత చేసినా క్రమం దొరకని రకం ఒకటి ఉంది, మార్పే సగంలో ఆగినది. మాట మొదటి ∗చ్ పోవడం అలాంటిది. ఉప్పు తమిళ, తెలుగు, కన్నడాల్లో ఉప్పే. కానీ బస్తరు వైపు పర్జీలో చుప్, గోండీ మాండలికాల్లో సోవర్, హోవర్. ఆరుకి గోండీలో సారుంగ్. కాబట్టి మూలంలో ఉప్పుకి ∗చుప్-, ఆరుకి ∗చాఱు. అయితే తమిళంలో ప్రతి ∗చ్ పోలేదు, చిక్కు, చేర్ నిలిచే ఉన్నాయి. ఏ అచ్చు ముందు పోయింది, ఏ హల్లు ముందు నిలిచింది అని ఎంత వెతికినా మాటలన్నీ ఒక గీతకు రావు. ఈ మార్పు ధ్వని మొత్తాన్నీ ఒక్కసారి పట్టుకోలేదు, ఒక్కో మాటనూ తాకుతూ పోయింది. ఇలాంటప్పుడు ఉప్పు పక్కన చిక్కు పెట్టి రెండు రకాల ∗చ్ అని రాయకూడదు, పర్జీ, గోండీలను చూసి మాటమాటకూ తేల్చుకోవాలి. అక్కడ చ్, స్, హ్ కనబడితే మూలరూపంలో ∗చ్ రాయండి. అక్కడ కూడా అచ్చుతోనే మొదలైతే చ్ లేకుండా రాయండి, ఉదాహరణకు ఏడుకి గోండీలో స్ లేదు. ఆ భాషల్లో ఆ మాటే దొరక్కపోతే ∗(చ్) అని బ్రాకెట్లలో పెట్టండి.